రక్తం లేని భయం: సస్పెన్స్ ఇష్టపడేవారికి హారర్ సినిమా ఎంచి పెట్టడం ఎలా

బెంగళూరులో ఒకే ఫ్లాట్‌లో నలుగురు ఉంటే శనివారం రాత్రి సినిమా ఎంపిక తేలడమే కష్టం. అందులో ఒకరు "హారర్ ఇష్టమే, కానీ రక్తం చూడలేను" అంటే చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. హారర్ కామెడీ పెట్టేసి ఆ మనిషికి బోర్ కొట్టిస్తారు, లేదంటే "ఇందులో పెద్దగా ఏం లేదులే" అని పెట్టి అరగంటకే లేచి వెళ్లిపోయేలా చేస్తారు.

భయం ఎంత ఉందన్నది ఒక లెక్క, ఒంటికి గాయం ఎంత చూపించారన్నది ఇంకో లెక్క. ఈ రెండూ కలిసే పెరుగుతాయని అనుకోవడం వల్లే ఎంపిక తప్పుతుంది. మనకు కావలసింది మొదటిది ఎక్కువగా, రెండోది తక్కువగా ఉన్న సినిమా. అలాంటిదాన్ని పట్టుకోవడానికి పావుగంట నుంచి అరగంట పని ఉంటుంది. ఆ పని సినిమా పెట్టేవారు చేయాలి, చూసేవారు కాదు. వాళ్లే వెతుక్కుంటే కథ ముందే తెలిసిపోతుంది, ఇక సస్పెన్స్ మిగలదు.

1. సినిమా కంటే ముందు మనిషిని అడగండి

"రక్తం పడదు" అన్న మాట వెనక కనీసం నాలుగు వేర్వేరు ఇబ్బందులు ఉంటాయి. అందులో ఏదన్నది తెలియకుండా వెతికితే మంచి సినిమాలను వదులుకుంటారు, చెడ్డదాన్ని తెచ్చి పెడతారు.

- రక్తం కనిపిస్తేనే ఇబ్బందా? గోడ మీద మరక, నేల మీద మడుగు కూడా చూడలేరా?
- చర్మం తెగడం, గుచ్చుకోవడం, ఎముక విరగడం చూడలేరా? వీళ్లకు ఒక్క చుక్క రక్తం లేకపోయినా మేకు దిగితే చాలు, కడుపులో తిప్పుతుంది.
- శవాన్ని దగ్గరగా చూపిస్తే పడదా?
- చూపించకపోయినా ఆ చప్పుడు వింటే చాలా? ఎముక విరిగిన శబ్దానికి కళ్లు మూసుకుంటే లాభం లేదు.

అయిదో ప్రశ్న విడిగా అడగాలి. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా? కొందరికి రక్తం, సూది, గాయం చూసినప్పుడు గుండె వేగమూ రక్తపోటూ ఒక్కసారిగా పడిపోతాయి. నిజంగానే స్పృహ తప్పవచ్చు. అది పిరికితనం కాదు, శరీరం చేసే పని. "చూస్తూ చూస్తూ అలవాటవుతుందిలే" అని సినిమాతో వాళ్ల మీద ప్రయోగం చేయకండి. వాళ్ల కోసం ఎంచేటప్పుడు "కొంచెమే ఉంది" అన్న సినిమాను కూడా పక్కన పెట్టడమే సరైనది.

రక్తంతో సంబంధం లేని విషయాలు కూడా ఒకసారి అడగండి. ఆత్మహత్య, పిల్లల చావు, పెంపుడు జంతువుల చావు. రక్తం లేని హారర్ ఎక్కువగా ఇంటి దుఃఖం మీదే నడుస్తుంది, కాబట్టి ఇవి ఎదురయ్యే అవకాశం ఎక్కువ.

2. సర్టిఫికెట్‌ను ఎంతవరకు నమ్మాలి

సెన్సార్ సర్టిఫికెట్ వయసు చెబుతుంది, కారణం చెప్పదు. 2024లో వచ్చిన కొత్త నియమాలతో UA అన్నది UA 7+, UA 13+, UA 16+ అని మూడుగా విడిపోయింది. అంతకుముందు వచ్చిన సినిమాలకు ఉత్త UA మాత్రమే ఉంటుంది. ఓటీటీలో కనిపించే వయసు గుర్తును సెన్సార్ బోర్డు ఇవ్వదు. 2021 ఐటీ నియమాల ప్రకారం ఆ సంస్థే వేసుకుంటుంది. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉండే మాటలు మనకు ఎక్కువ పనికొస్తాయి. `violence` అని మాత్రమే ఉంటే ఇంకా చూడాలి. `gore` అని ఉంటే అక్కడితో ఆపేయండి.

పెద్ద వయసు గుర్తు ఉన్నంత మాత్రాన నరుకుడే ఉంటుందని కాదు. 2013లో వచ్చిన 'ది కంజూరింగ్'కు అమెరికాలో R ఇచ్చారు, అంటే పదిహేడేళ్లలోపువారు పెద్దలతో కలిసే చూడాలి. వాళ్లు రాసిన కారణం కలవరపెట్టే హింస, భయం. అందులో రక్తం ప్రస్తావన లేదు. సినిమాలో ఎక్కువ భాగం తలుపులు, చీకటి, చప్పట్ల మీదే నడుస్తుంది. చివర్లో దయ్యం వదిలించే ఘట్టంలో మాత్రం రక్తం కక్కడం ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ 2018 నాటి 'ఎ క్వైట్ ప్లేస్'. దానికి తక్కువ స్థాయి PG-13 ఇచ్చారు, కానీ కారణంలో "కొన్ని రక్తపు దృశ్యాలు" అని రాశారు. నిండు గర్భిణి చెప్పుల్లేని కాలితో మెట్టు మీద పొడుచుకొచ్చిన మేకును తొక్కే ఘట్టం అందులోదే. రెండో ప్రశ్నకు "అవును" అన్నవారికి ఆ ఒక్క మేకే చాలు. గుర్తును బట్టి ఎంచి ఉంటే ఈ రెండు సినిమాల విషయంలోనూ తప్పేవారు.

3. భయం వరుస, గాయం వరుస విడిగా చదవండి

ఐఎండీబీలో సినిమా పేజీకి వెళ్లి `Parents guide` తెరవండి. పిల్లల కోసం పెట్టిందే అయినా మన పనికి ఇంతకంటే మంచి పట్టిక లేదు. అందులో `Violence & Gore` ఒక వరుస, `Frightening & Intense Scenes` ఇంకో వరుస. ఒక్కోదానికీ చూసినవాళ్లు వేసిన ఓట్లతో `None`, `Mild`, `Moderate`, `Severe` అని నాలుగు మెట్లు ఉంటాయి.

మీరు వెతకాల్సిన జోడీ ఇది: మొదటి వరుస `None` లేదా `Mild`, రెండో వరుస `Moderate` లేదా `Severe`. రెండూ `Severe` అయితే ఆ సినిమా వద్దు. రెండూ `Mild` అయితే రక్తం ఉండదు, కానీ సస్పెన్స్ కోరుకునే మనిషికి చప్పగా ఉంటుంది.

మొదటి వరుస `Moderate` అని ఉంటే వదిలేయకుండా లోపల రాసినవి చదవండి. ఆ మాటలోకి ఏవేవో వచ్చి చేరతాయి. తుపాకీ పేలి మనిషి దూరంగా పడిపోవడమూ అదే, గొంతు కోయడాన్ని దగ్గరగా చూపించడమూ అదే. చదివేటప్పుడు మొదటి ప్రశ్నల జవాబులు పక్కన పెట్టుకుని, ఏ అవయవానికి ఏమవుతుంది, ఎంతసేపు చూపిస్తారు అన్నవే చూడండి. కథ గుట్టు విప్పే భాగం విడిగా ఉంటుంది. పెట్టేవారు మీరే కాబట్టి దాన్నీ చదవాలి, ఎందుకంటే క్లైమాక్స్ రక్తం సంగతి ఎక్కువగా అక్కడే ఉంటుంది.

ఓట్లు ఎన్ని పడ్డాయో కూడా చూడండి. పది ఓట్లతో వచ్చిన `Mild` మీద ఆధారపడలేం.

రెండో సాక్ష్యంగా బ్రిటన్ సెన్సార్ సంస్థ సైటు bbfc.co.uk చూడండి. ఇది మనవాళ్లకు పెద్దగా తెలియదు గానీ, బ్రిటన్ థియేటర్లలో విడుదలైన తెలుగు, తమిళ, మలయాళ సినిమాలకు కూడా అక్కడ వర్గీకరణ ఉంటుంది. ఎందుకు ఆ స్థాయి ఇచ్చారో చిన్న వివరణతో రాస్తారు. `injury detail`, `gore`, `bloody` అన్న మాటలు కనిపిస్తే జాగ్రత్త పడండి. `threat`, `horror` అని మాత్రమే ఉంటే అది మీకు కావలసిన వైపే. జంతువుల చావు, ఆత్మహత్య, వాంతులు లాంటి ఒక్కో విషయానికి ఉందో లేదో తెలుసుకోవాలంటే doesthedogdie.com ఉంది.

4. ఎక్కడా ఏమీ రాసి లేకపోతే

మన భాషల చిన్న సినిమాలకు ఈ పేజీలు తరచుగా ఖాళీగా ఉంటాయి. అప్పుడు సినిమానే తిప్పి చూసుకోవాలి.

చాలా ఓటీటీల్లో కింద ఉండే గీత మీద వేలు జరిపితే చిన్న చిన్న బొమ్మలు కనిపిస్తాయి. ధ్వని లేకుండా ఆ బొమ్మలు చూస్తూ మూడు చోట్ల నెమ్మదించండి.

మొదటి పది నిమిషాలు ముఖ్యం. ఎవరో ఒకరు చనిపోవడంతో మొదలుపెట్టడం హారర్‌లో మామూలే. 2019లో తెలుగు, తమిళాల్లో వచ్చిన 'గేమ్ ఓవర్' చూడండి. ఒంటరి ఇల్లు, చక్రాల కుర్చీలో మనిషి, బయట ఎవరో ఉన్నారన్న అనుమానం, ఇవన్నీ సస్పెన్స్ ప్రియులకు నచ్చేవే. కానీ తొలి ఘట్టమే దారుణమైన హత్య. కథ గురించి విని పెట్టేస్తే మొదటి అయిదు నిమిషాల్లోనే ఆ సాయంత్రం చెడిపోతుంది.

రెండోది ఇంటర్వల్‌కు ముందు పది నిమిషాలు. జనం కుర్చీల్లోంచి కదలకుండా చేయాలని మన దర్శకులు పెద్ద ఘట్టాన్ని అక్కడ పెడతారు. మూడోది చివరి అరగంట. అంతవరకు గాలి, నీడలతో నడిపించినవాళ్లు కూడా దయ్యం పగ ఎందుకో చెప్పే ఫ్లాష్‌బ్యాక్‌లో కత్తులు తీస్తారు. మన హారర్‌లో రక్తం ఎక్కువగా కనిపించేది ఆ ఫ్లాష్‌బ్యాక్‌లోనే.

చీకటి దృశ్యాలు చిన్న బొమ్మల్లో సరిగా కనిపించవు. అనుమానం వచ్చిన చోట ఆపి, పది క్షణాలు ధ్వనితో చూడండి. చూసినచోటల్లా నిమిషం రాసుకోండి. ఇంటర్నెట్‌లో ఎవరో ఇచ్చిన నిమిషాలు మీ దగ్గరున్న కాపీతో కలవకపోవచ్చు. టీవీలో వచ్చేది, థియేటర్‌లో ఆడింది, ఓటీటీలో ఉన్నది ఒక్కోసారి వేర్వేరు నిడివితో ఉంటాయి. టీవీకి కోతలు ఎక్కువ. "టీవీలో చూశాను, ఏమీ లేదు" అన్న మాట ఓటీటీ కాపీకి వర్తించదు.

5. ఎక్కువమంది తప్పేది ఇక్కడ

"నెమ్మదిగా నడిచే హారర్ కాబట్టి రక్తం ఉండదు" అన్న నమ్మకం అన్నిటికంటే ప్రమాదం. 2018 నాటి 'హెరిడిటరీ'ని సస్పెన్స్ ఇష్టపడేవారికి చాలామంది సూచిస్తారు. నడక నెమ్మదే, ఇంటి దుఃఖమే కథ. కానీ సుమారు అరగంట దాటాక ఒక ప్రమాదం జరుగుతుంది, తర్వాత తెగిన తలను దగ్గరగా చూపిస్తారు. నిదానంగా సాగే సినిమా కావడం వల్లే ఆ దెబ్బ ఎక్కువ తగులుతుంది. నెమ్మదితనం నడకకు సంబంధించినది, గాయాలు ఎన్ని చూపిస్తారో అది చెప్పదు.

రెండో తప్పు దయ్యాలను వదిలి సైకో కిల్లర్ కథ వైపు వెళ్లడం. "దయ్యం లేదు, అంతా సస్పెన్సే" అని 2018 తమిళ చిత్రం 'రాక్షసన్', 2019లో దాని తెలుగు రూపం 'రాక్షసుడు' పెడతారు. వరస హత్యల కథల్లో పోలీసులకు ఆధారమే శవం, కాబట్టి కెమెరా శవం దగ్గర ఆగక తప్పదు. దయ్యానికి ఆ అవసరం లేదు. తలుపు దానంతటది మూసుకుంటే చాలు. అందుకే రక్తం పడనివారికి క్రైమ్ థ్రిల్లర్ కంటే పాడుబడ్డ ఇంటి కథే చాలాసార్లు సురక్షితం. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు, కానీ పై రెండు వరుసలు పెట్టి పోల్చుకుంటే వాళ్లకే కనిపిస్తుంది.

మూడోది ట్రైలర్‌ను నమ్మడం. ట్రైలర్ అందరికీ చూపించేది, కాబట్టి రక్తాన్ని అందులోంచి చాలావరకు తీసేస్తారు. భయం రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది.

6. ఒక ఎంపిక, మొదటి నుంచి చివరిదాకా

మారతహళ్లిలో అన్న ఇంటికి వచ్చిన మరిది వదినకు సినిమా పెట్టాలనుకుందాం. ఆమె మాట ఇది: "దయ్యాలొచ్చినా ఫర్వాలేదు, ఆ కోసేవీ నరికేవీ మాత్రం పెట్టొద్దబ్బా."

అయిదు ప్రశ్నలూ అడిగితే జవాబులు ఇలా వచ్చాయి. గోడ మీద రక్తపు మరక ఉంటే పట్టించుకోదు. సూది గుచ్చడం చూడలేనంది. శవం దూరంగా ఉంటే సరే. చప్పుళ్లు ఇష్టమే. కళ్లు తిరగవు. పిల్లలకు ఏమైనా అయితే మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు.

చేతిలో నాలుగు పేర్లున్నాయి: 'హెరిడిటరీ', 'ఎ క్వైట్ ప్లేస్', 'ది అదర్స్', మలయాళం 'భూతకాలం'.

'హెరిడిటరీ' వెంటనే పోయింది. తెగిన తల, దానితోపాటు పిల్లల విషయం, రెండూ ఆమె వద్దన్నవే. 'ఎ క్వైట్ ప్లేస్' మరకల వరకు ఆగేదే, కానీ మేకు ఉంది. ఆ ఘట్టం నిమిషం రాసుకుని దాటించవచ్చు కదా అనిపిస్తుంది. అయితే ఆ మేకు అక్కడ ఉందని ప్రేక్షకుడికి ముందే తెలియడం, ఎవరు తొక్కుతారో అని ఎదురుచూడడమే ఆ భాగం సస్పెన్స్. దాన్ని దాటిస్తే ఆమెకు నచ్చే భాగమే పోతుంది. పైగా సినిమా మొదట్లోనే ఒక పిల్లవాడి చావు ఉంది. కాబట్టి అదీ వద్దు.

2001 నాటి 'ది అదర్స్' కథ 1945లో జెర్సీ దీవిలో ఒక పెద్ద బంగళాలో జరుగుతుంది. వెలుగు పడని జబ్బున్న ఇద్దరు పిల్లలు, ఎప్పుడూ మూసి ఉండే తెరలు, ఒక తలుపు తాళం వేశాకే ఇంకోటి తెరవాలన్న నియమం. భయమంతా ఆ నియమం చుట్టూనే పుడుతుంది. గాయాలు చూపించడం మీద ఆధారపడదు. అమెరికా సెన్సార్ రాసిన కారణంలో ఇతివృత్తం, భయపెట్టే క్షణాలు మాత్రమే ఉన్నాయి. ఒక్క చిక్కు, కథ లోతుల్లో పిల్లలకు సంబంధించిన బాధ ఉంది. చూపించరు, కానీ తెలుస్తుంది.

2022లో వచ్చిన 'భూతకాలం'లో తల్లీకొడుకులు, ఒక అద్దె ఇల్లు, అమ్మమ్మ చనిపోయాక ఇద్దరినీ పట్టిన కుంగుబాటు. ఇంట్లో ఏదో ఉందా, కొడుకు మనసే అలా అయిందా అన్న అనుమానం చాలాసేపు తెగదు. భయం చివరి అరగంటలో గట్టిగా వస్తుంది. రక్తం దాదాపు లేదు. మానసిక కుంగుబాటు, చావుల ప్రస్తావన మాత్రం బరువుగా ఉంటాయి.

వదిన జవాబుల ప్రకారం 'భూతకాలం' ముందు రావాలి. పిల్లల విషయం ఉంది కాబట్టి 'ది అదర్స్' గురించి ఆమెను ఒక్క మాట అడిగి ఇంకో రోజు పెట్టాలి. "చిన్నపిల్లల బాధ ఉంటుంది, చూపించరు, సరేనా?" అంటే చాలు. కథ గుట్టు చెప్పనక్కర్లేదు.

ఇక భాష సంగతి. బెంగళూరులో తెలుగువాళ్లు కన్నడ, తమిళ, మలయాళ సినిమాలు చూడడం కొత్త కాదు. కానీ సస్పెన్స్ సినిమాను మధ్యలో ఆపి అర్థం చెబితే బిగువు పోతుంది. ముందుగా ఆడియో జాబితాలో తెలుగు ఉందో చూడండి. లేకపోతే సబ్‌టైటిల్స్ ఆమె చదవగల వేగంలో వస్తున్నాయో రెండు నిమిషాలు పెట్టి పరీక్షించండి. ఆ ఇబ్బందే ఎక్కువైతే కన్నడ 'యూ టర్న్'కు 2018లో తెలుగులో వచ్చిన రూపం ఉంది. అసలు సినిమా 2016లో బెంగళూరు ఫ్లైఓవర్ మీద పుట్టిన కథ. రోజూ ఆ రోడ్లమీదే వెళ్లేవారికి ఇంకా దగ్గరగా తగులుతుంది. అందులో రోడ్డు ప్రమాదం, లాకప్‌లో కొట్లాట ఉన్నాయి. అవి వదిన హద్దులో ఉన్నాయో లేదో నాలుగో అంచెలో చెప్పినట్టు తిప్పి చూసి తేల్చుకోవాలి.

7. పెట్టే ముందు

- ఎంచిన కాపీలో అనుమానం ఉన్న నిమిషాలు కాగితం మీద రాసుకున్నారా?
- "ఇప్పుడు చూడకు" అనడానికి ఒక సంకేతం కుదుర్చుకున్నారా? భుజం తట్టినా చాలు. ఘట్టానికి అయిదారు క్షణాల ముందే తట్టాలి. అరనిమిషం ముందే తడితే సస్పెన్స్ కూడా పోతుంది.
- మళ్లీ చూడొచ్చని ఎప్పుడు చెబుతారు? ఇది మర్చిపోతారు. కళ్లు మూసుకున్న మనిషి తనే తెరిచి చూసేది చాలాసార్లు చూడకూడని క్షణంలోనే.
- చప్పుడు పడనివారైతే రిమోట్ మీ చేతిలో ఉందా? కళ్లతోపాటు ధ్వనీ తగ్గించాలి.

గదిలో ఇంకెవరైనా ఆ సినిమా ముందే చూసి ఉంటే నోరు మెదపొద్దని చెప్పండి. "ఇప్పుడొస్తుంది చూడు" అన్న ఒక్క మాట గంటసేపు కట్టిన బిగువును పాడుచేస్తుంది.

పొరపాటున ఏదైనా కనిపించి కళ్లు తిరిగితే సినిమా ఆపి, పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి. లేచి నడవమని అనకండి. నిలబడితేనే పడిపోయే ప్రమాదం ఎక్కువ.

8. థియేటర్‌కు అయితే

థియేటర్‌లో దాటించడం ఉండదు, ధ్వని తగ్గించడం ఉండదు. అందుకని విడుదల రోజు వెళ్లొద్దు. రెండు మూడు రోజులాగితే ఐఎండీబీ పేజీ నిండడం మొదలవుతుంది, చూసివచ్చినవాళ్లు దొరుకుతారు. వాళ్లను "ఎలా ఉంది?" అని అడిగితే లాభం లేదు. "ఎవరినైనా కోయడం చూపించారా, మొదట్లోనా, ఇంటర్వల్ దగ్గరా, చివర్లోనా?" అని అడగండి. రక్తం పట్టించుకోనివారికి అది గుర్తుండదు కాబట్టి, ప్రశ్న ఇంత నిర్దిష్టంగా ఉంటే తప్ప సరైన జవాబు రాదు.

టికెట్ తీసేటప్పుడు నడవా పక్క సీటు చూడండి. చివర్లోనే రక్తం ఉందని తెలిస్తే ఆ పది నిమిషాలు బయట నిలబడి రావడానికి ఎవరి కాళ్లూ తొక్కనక్కర్లేదు.